డెబ్భై గేట్లు, ఒక కన్ను

కొన్నాళ్ళు తాడేపల్లిలో ఒక బడికి శనివారం మధ్యాహ్నాలు బొమ్మలు నేర్పడానికి వెళ్ళాను. ఒకరోజు ప్రకాశం బ్యారేజీ గీయమన్నాను. రోజూ చూసేదే కదా, తేలిగ్గా గీస్తారనుకున్నాను. ఏడో తరగతి అమ్మాయి ఒకతి డ్రాయింగ్ షీటుకి ఇంకో రెండు కాగితాలు అతికించి మరీ గేట్లన్నీ గీసింది. అన్నీ ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. నీళ్ళు మాత్రం పైనించి చూసినట్టున్నాయి. అవతలి చివర, విజయవాడ వైపు, గేటుకంటే పెద్దగా ఒక మనిషి వల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నేను ఎర్ర పెన్ను తీసి, దూరంగా ఉన్నవి చిన్నగా కనబడాలమ్మా, ఇది తప్పు అని చెప్పి, పక్కనే మరో కాగితం మీద ‘సరైన’ బ్యారేజీ గీసి చూపించాను. ముందు నాలుగైదు గేట్లు స్పష్టంగా, ఆ తర్వాతవి దగ్గరపడుతూ, చివరికి సన్నటి గీతైపోయాయి. ఆ పిల్ల దాన్ని కాసేపు చూసి, “మొత్తం డెబ్భై గేట్లు సార్. మిగతావి ఏవి?” అంది. తర్వాత కాస్త చిన్న గొంతుతో, “మా నాన్నని చుక్క చేసేశారు” అంది.

ఆ పూట నా దగ్గర జవాబు లేదు. ఆ ‘తప్పు’ అనే మాట గురించి మాత్రం చాలా రోజులు ఆలోచించాను.

దూరం వెళ్ళేకొద్దీ వస్తువులు చిన్నగా కనబడతాయని లోకంలో అందరికీ తెలుసు. ఎంత చిన్నగా అన్న లెక్కని బొమ్మలోకి తెచ్చింది మాత్రం ఫ్లోరెన్స్ నగరంలో. 1420కి కాస్త అటూ ఇటూగా బ్రునెలెస్కి అనే ఆయన అక్కడి చర్చి గుమ్మంలోంచి, ఎదురుగా ఉన్న బాప్టిస్టరీ భవనాన్ని ఒక పలక మీద చిత్రించాడు. పలకకి చిన్న కన్నం పెట్టాడు. చూసేవాళ్ళు పలక వెనక నిలబడి, ఆ కన్నంలోంచి ఒంటికన్నుతో, ఎదురుగా పట్టుకున్న అద్దంలో బొమ్మ ప్రతిబింబాన్ని చూడాలి. అలా చూస్తే నిజం భవనాన్నే చూస్తున్నట్టుండేదట. ఇందులో నాకు ముఖ్యమనిపించేది ఆ కన్నం. ఎక్కడ నిలబడి చూడాలో బొమ్మే నిర్ణయించేసింది. పక్కకి జరిగితే లెక్క తప్పుతుంది.

1435లో ఆల్బెర్టి ఈ పద్ధతిని పుస్తకంలో పెట్టాడు. బొమ్మ అంటే కిటికీ అనుకోమన్నాడు. అప్పటికి కొందరు చిత్రకారులు గచ్చు పలకలు గీసేటప్పుడు ఒక్కో వరసనీ ముందు వరసకంటే మూడోవంతు తగ్గించుకుంటూ పోయేవాళ్ళు. చూడటానికి బాగానే ఉంటుంది కానీ అది తప్పన్నాడాయన. దానికో పరీక్ష కూడా ఇచ్చాడు: పలకల మూలల్ని ఐమూలగా కలుపుకుంటూ పోతే తిన్నటి గీత రావాలి. గీత వంగితే లెక్క తప్పినట్టే.

సరిగ్గా ఈ తప్పే మన పిల్లలూ చేస్తారు. మొదటి స్తంభంలో రెండోది సగం కనబడితే, మూడోది రెండోదానిలో సగమనీ, నాలుగోది మూడోదానిలో సగమనీ గీస్తారు. నిజానికేమవుతుందో చూద్దాం. కంటికి అరమీటరు దూరంలో కిటికీ అద్దం ఉందనుకోండి. బయట ఆరు మీటర్ల దీపస్తంభాలు పది, ఇరవై, ముప్ఫై, నలభై మీటర్ల దూరాల్లో ఉన్నాయి. అద్దం మీద వాటి ఎత్తులు వరసగా 30, 15, 10, 7.5 సెంటీమీటర్లు. అంటే మొదట సగానికి తగ్గింది, తర్వాత మూడింట రెండు వంతులకి, ఆ తర్వాత ముప్పావుకి. దూరం పెరిగేకొద్దీ తగ్గుదల నెమ్మదిస్తుంది. కంటి ఎత్తు 1.2 మీటర్లయితే, చూపు ఎత్తులో గీసిన అడ్డగీత ప్రతి స్తంభాన్నీ కింది నుంచి అయిదోవంతు దగ్గరే కోస్తుంది, అది ఎంత దూరానున్నా సరే.

ఈ అంకెలు పిల్లలకి చెప్పనక్కర్లేదు. తర్వాతి శనివారం నేను వాళ్ళని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. గడ్డం ఆనించడానికి బెంచీ మీద పుస్తకాలు పేర్చాం. ఒక కన్ను మూసుకుని, బయట కనబడే స్తంభాల్ని స్కెచ్ పెన్నుతో అద్దం మీదే గీయమన్నాను. తల కదిలితే గీతలు స్తంభాలమీంచి పక్కకి తప్పుకుంటాయి. వాళ్ళకి అదో ఆట అయిపోయింది. నేను చెప్పాల్సిన మొదటి పాఠం ఆ తప్పుకోవడమే చెప్పేసింది. తర్వాత కాగితం మీదికి వచ్చాం. మొదటి రెండు స్తంభాలూ గీసి, వాటి తలల్ని ఒక గీతతో, పాదాల్ని ఇంకో గీతతో కలిపి ముందుకి పొడిగించాలి. రెండో స్తంభానికి సరిగ్గా మధ్యలో చుక్క పెట్టాలి. మొదటి స్తంభం తల నుంచి ఆ చుక్క మీదుగా గీత లాగితే, అది పాదాల గీతని ఎక్కడ తాకుతుందో అక్కడే మూడో స్తంభం. ఆ తర్వాత నాలుగోదీ అంతే. స్కేలు మీద అంకెలు చూడకుండానే అన్నీ సరిగ్గా కూర్చుంటాయి.

అయినా ఆ పిల్ల ప్రశ్న అలాగే ఉంది. దానికి జవాబు కోసం నేను వెళ్ళింది ఫ్లోరెన్సుకి కాదు, మన అమరావతికి. దాదాపు రెండో శతాబ్దంలో చెక్కిన అమరావతి పతకమొకటి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దాని ఫొటో తీసుకెళ్ళి క్లాసులో చూపించాను. ఒకే గుండ్రటి రాయిలో నలగిరి ఏనుగు రెండుసార్లు కనబడుతుంది: ఒకచోట మదమెక్కి మనుషుల్ని తొక్కుతూ, మరోచోట బుద్ధుడి ముందు మోకరిల్లి. ఆ శిల్పికి ముందొక క్షణం, తర్వాతొక క్షణం, రెండూ కావాలి. ఒకే చోట నిలబడి ఒంటికన్నుతో చూస్తే ఆ కథ పట్టుబడదు.

ఫ్లోరెన్సులో కూడా ఇది రాత్రికి రాత్రి పోలేదు. పర్‌స్పెక్టివ్‌ని మొదట్లోనే గట్టిగా పట్టుకున్న మసాచియో, 1420ల్లో వేసిన ‘కప్పపు సొమ్ము’ కుడ్యచిత్రంలో పీటరుని మూడుసార్లు గీశాడు. కానీ కాలం గడిచేకొద్దీ ఒక బొమ్మకి ఒక చోటు, ఒక క్షణం అన్నది అలవాటైపోయింది. అంతకుముందు బొమ్మలో పెద్దగా ఉన్నవాళ్ళంటే గొప్పవాళ్ళు. మేరీమాత సింహాసనం మీద పక్కనున్న దేవదూతలకంటే పెద్దగా ఉండేది. ఇప్పుడు పెద్దగా ఉన్నవాళ్ళంటే చూసేవాడికి దగ్గరగా ఉన్నవాళ్ళు. యూరప్ బొమ్మల్లో వచ్చిన అసలు మార్పు ఇదేననిపిస్తుంది నాకు. కొలత దేవుడి వైపు నుంచి చూసేవాడి వైపుకి మారింది. దాంతో ఇంజనీరుకి ప్లాను వచ్చింది, తర్వాతి రోజుల్లో కెమెరాకి కన్ను వచ్చింది. మత్స్యకారుడు మాత్రం దూరంగా ఉన్న నేరానికి చుక్కయ్యాడు.

కాబట్టి పర్‌స్పెక్టివ్ నేర్పడం మానేయాలా? మానకూడదు. అది నేర్పకపోతే రేపు ఇంజనీరింగ్ డ్రాయింగులోనో యానిమేషన్‌లోనో ఆ పిల్లే నష్టపోతుంది. పైగా అది అందమైన విద్య. కానీ నేర్పేముందు షరతు చెప్పాలి: ఇక్కడ నిలబడు, ఒక కన్ను మూసుకో, కదలకు, అప్పుడు ఇలా కనబడుతుంది. ఈ షరతు దాచిపెట్టి, “ఉన్నది ఇలాగే ఉంటుంది” అని చెప్పడమే నేను చేసిన తప్పు. ఆ పిల్ల ఏ షరతూ ఒప్పుకోకుండా తనకి తెలిసింది గీసింది. గేట్లు డెబ్భై, నాన్న పెద్దవాడు. రెండూ నిజాలే.

ఈ మాట క్లాసులోనే చెప్పి, నా ఎర్ర గీతకి సారీ కూడా చెప్పాను. తర్వాత అందరూ బ్యారేజీని రెండు రకాలుగా గీశారు: సీతానగరం ఒడ్డున నిలబడి ఒకటి, అటు చివరిదాకా నడిచి ఇంకొకటి. ఆ అమ్మాయి మొదటి బొమ్మలో గేట్లు లెక్కప్రకారం కుదిరాయి. ఐమూల గీత వేసి చూశాను, ఎక్కడా వంగలేదు. అటు చివర పెన్సిల్ మొనతో ఒక చుక్క పెట్టింది.

“ఇదెవరు?” అన్నాను.

“నాన్నే సార్. ఇక్కణ్ణించి ఇంతే కనబడతాడు” అంది.