బోర్డు పక్కన నిలబడిన మనిషి

ఫొటోలో ఒక మనిషి, ఆయన పక్కన ఒక పేరు బోర్డు ఉంటే మన కళ్లు ముందు బోర్డు మీదికే పోతాయి. అక్కడున్న పేరు చదివి, ఆ మనిషి అతనే అనుకుంటాం. నిజానికి ఫొటో చెప్పేది ఒక్కటే: ఈ మనిషి ఒకరోజు ఈ బోర్డు దగ్గర నిలబడ్డాడు. మిగతాది మనం కలుపుకున్నది.

బోర్డు ఎంతవరకు సాక్ష్యమో చూద్దాం. గుమ్మలక్ష్మీపురం దగ్గర ఒక కొండ ఊరి బడి ముందు తీసిన ఫొటో అనుకోండి. ఈ ప్రాంతం 1979 దాకా శ్రీకాకుళం జిల్లాలో, తర్వాత విజయనగరంలో, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యంలో ఉంది. బోర్డు మీద ‘పార్వతీపురం మన్యం జిల్లా’ అని ఉంటే ఫొటో కొత్త జిల్లా వచ్చిన కాలానిదే. ‘విజయనగరం జిల్లా’ అని ఉంటే మాత్రం అది 2022కు ముందుదని చెప్పలేం. పాత బోర్డులు రంగు మార్చకుండా ఏళ్ల తరబడి ఉండిపోతాయి కదా. పక్కన నిలబడినది ఆ బడి మాస్టారో, ఊరు చూడవచ్చిన చుట్టమో బోర్డు అసలే చెప్పదు.

చేతిలో తెగ ధ్రువపత్రం పట్టుకున్న ఫొటోకూ ఇదే లెక్క. ‘కొండదొర’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. ఆ పత్రానికి బలం దాని వెనక జరిగిన విచారణలో ఉంది, కాగితంలో లేదు. అందుకే 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం తెగను నిరూపించుకునే బాధ్యతను అడిగినవారి మీదే పెట్టింది, తప్పుడు పత్రాన్ని రద్దు చేయడానికీ దారి ఉంచింది. ఒక దొంగ పత్రాన్ని ఫొటో చూసి నమ్మితే మన పిల్లల సీటు ఒకటి పోతుంది.

అయితే కాగితం లేనివాళ్లను అనుమానించడమూ అంతే అన్యాయం. సవర తల్లి కడుపున పుట్టిన బిడ్డ తహసీల్దారు సంతకం పడిన రోజున సవర కాలేదు. సంతకం ఉన్న సంగతిని గుర్తిస్తుందంతే.

మరి ఎలా తేల్చాలి? అటవీ హక్కుల నియమాలు ఒక మంచి దారి చూపాయి. పోడు భూమి హక్కు తేల్చేటప్పుడు గ్రామసభ ఒకటికి మించి సాక్ష్యాలు చూడాలి. ప్రభుత్వ రికార్డుతో పాటు ఊరి పెద్దలు చెప్పి రాయించిన మాట, పాత బావి, శ్మశానం కూడా అక్కడ సాక్ష్యాలే. ఒకదానికొకటి సంబంధం లేని రెండు సాక్ష్యాలు ఒకే మాట చెబితే నమ్మకం కుదురుతుంది. ఒకే పత్రానికి పది ఫొటోలు తీసినా అది ఒక్క సాక్ష్యమే.

బడిలో పాత ఫొటోలు పోగుచేసే మాస్టార్లు కింద పేరు రాసేటప్పుడు ఇంకో వాక్యం చేర్చాలి: ఈయన ఫలానా అని ఎవరు చెప్పారు, ఏ ఊరివారు, ఎప్పుడు చెప్పారు. చెప్పినవారెవరూ లేకపోతే ‘బోర్డు మీద ఈ పేరుంది’ అని మాత్రమే రాయాలి. రేపు ఆ ఊరి ముసలమ్మ ఒకామె ఫొటో చూసి, ‘ఈడు మా చిన్నాన్న’ అంటే ఆ మాటకు అక్కడ చోటుండాలి.