మూడు అంకెల వెనకాల ముసురు

అమ్మాయీ, కరెంటు ఫిర్యాదుల షిఫ్టులో కూర్చున్నావని మీ అమ్మ చెప్పింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఒకే తెర మీద కనిపిస్తాయట. లైన్ల మీద బతికిన మామయ్యగా ఒక మాట చెప్తాను, విను.

గాలివాన మర్నాడు పొద్దున 6కి నువ్వు కూర్చునేటప్పటికి ఓపెన్ 40, ఓవర్‌డ్యూ 5 అనుకో. మధ్యాహ్నం 2 లోపల కొత్తవి 60 వచ్చాయి, 64 పూర్తయ్యాయి. ఓపెన్ 36కి దిగింది, ఓవర్‌డ్యూ మాత్రం 9 అయింది. వచ్చినవాటికంటే ఎక్కువే తీర్చాం కదా అని నువ్వు సంబరపడతావు. ఆగు.

ఆ 64లో 22 పుంగనూరు వైపు ఒకే ఫీడర్ ట్రిప్పయితే వచ్చిన ఫోన్లు. సబ్‌స్టేషన్‌లో లైను నిలబడగానే అన్నీ ఒక్కసారిగా మూసుకున్నాయి. అంటే ఆ ఫీడరు పనిని ఒకటిగా లెక్కేస్తే మనవాళ్లు నిజంగా చేసిన పనులు 43. కంప్లీటెడ్ ఒక్కసారిగా ఎగిరినప్పుడల్లా ఫీడరు పేరు చూడు.

ఇక ఆ 9. నియంత్రణ మండలి పెట్టిన గడువులు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. ఫ్యూజ్ పోతే పట్నంలో 4 పని గంటలు, పల్లెలో 12. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్నంలో 24 గంటలు, పల్లెలో 48. తొమ్మిదిలో 7 మదనపల్లె టౌన్ ఫ్యూజులు, 2 కుప్పం పల్లెల ట్రాన్స్‌ఫార్మర్లు అనుకుందాం. టౌన్‌వాళ్లు గట్టిగా అరుస్తారు కాబట్టి కళ్లు అటే పోతాయి. కానీ ఆ ఏడూ ఇద్దరు లైన్‌మన్లు సాయంత్రానికి ముగిస్తారు. ఆ రెండూ రెండు రోజులు దాటిన పనులు. ఒక్కోదాని కింద ఎన్ని మోటార్లు ఆగాయో, ఎన్ని టమోటా మడులు ఎండుతున్నాయో తెర చెప్పదు. మార్చే ట్రాన్స్‌ఫార్మర్ స్టోర్ నుంచి బయల్దేరిందా, బండి దొరికిందా అని ముందు వాటికే ఫోన్ చెయ్యి.

ఓవర్‌డ్యూ పెరగకపోయినా నమ్మకు. పదిన్నరకు వచ్చిన టౌన్ ఫ్యూజు రెండున్నరకు గడువు దాటుతుంది, నీ షిఫ్టు రెండింటికే అయిపోతుంది. తర్వాత కూర్చునేవాడి నెత్తిన ఎర్రగా పడుతుంది. అందుకే దిగే ముందు ఓపెన్‌ని మిగిలిన గడువు వరసలో పేర్చి, గంటలో దాటబోయేవి వాడికి నోటితో చెప్పు.

ఇంకోటి. గడువుకు ఐదు నిమిషాల ముందు గుత్తగా మూసేసిన ఫిర్యాదులు కనిపిస్తే, వాటిలో రెండు మూడింటికి నువ్వే ఫోన్ చెయ్యి. "కరెంటొచ్చిందా?" అని మాత్రం అడగొద్దు, ఫేజు ఒకటే వచ్చినా చాలామంది వచ్చిందనే అంటారు. "మోటారు తిరుగుతోందా?" అని అడుగు.