పద్ధతి ఒకటైతే చాలా?

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. ఒకరు ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. ఇంకొకరు ఆయన దగ్గర చదువుకుని, ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి, ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీకి దరఖాస్తు రాసుకుంటున్న శిష్యురాలు. ఆ దరఖాస్తులోని ఒక వాక్యం దగ్గర మాట మొదలైంది: "రెండు శాస్త్రాల పద్ధతులూ ఒకటే కనుక ఈ మార్పు సహజం."

మాస్టారు: ఈ వాక్యం నాకు కొరుకుడు పడలేదమ్మా. పద్ధతి ఒకటే అన్న మాట నీకంటే ముందు చాలామంది అన్నారు. 1892లో అచ్చయిన థీసిస్‌లో ఇర్వింగ్ ఫిషర్ ఏకంగా ఒక పట్టికే వేశాడు. యంత్రశాస్త్రంలో కణం ఉంటే ఇక్కడ మనిషి, అక్కడ బలం ఉంటే ఇక్కడ ఉపాంత ప్రయోజనం, అక్కడ శక్తి ఉంటే ఇక్కడ ప్రయోజనం. నువ్వు చెప్పేదీ అదేనా?

శిష్యురాలు: కాదు మాస్టారూ. ఆ పట్టిక నాకు పనికిరాదు. శక్తికి నిత్యత్వ నియమం ఉంది. బయటి జోక్యం లేకుండా రెండు కణాలు ఢీకొంటే ఒకదానికి పెరిగినంత రెండోదానికి తగ్గాలి. ఇద్దరు మనుషులు బియ్యం, పప్పు మార్చుకుంటే ఇద్దరికీ మేలు జరగొచ్చు. అసలు మార్పిడి జరిగేదే అందుకు. వస్తువుకు వస్తువును జత చేస్తూ పోతే మొదటి అడుగులోనే పోలిక తెగిపోతుంది.

మాస్టారు: మరి దేనికి దేన్ని జత చేస్తావు?

శిష్యురాలు: ప్రశ్న రూపానికి ప్రశ్న రూపాన్ని. యాన్ టిన్‌బెర్గెన్ చేసింది అదే. ఆయన లైడెన్‌లో పాల్ ఎహ్రెన్‌ఫెస్ట్ దగ్గర ఫిజిక్స్ చదివాడు. ఆ ఊళ్లో కార్మికుల పేదరికం, నిరుద్యోగం చూసి మనసు ఎకనామిక్స్ మీదికి మళ్లింది. గురువు కాదనలేదు. 1929లో ఆయన సమర్పించిన థీసిస్ పేరే 'భౌతికశాస్త్రంలోనూ ఆర్థికశాస్త్రంలోనూ కనిష్ఠ సమస్యలు'. కాంతి రెండు బిందువుల మధ్య ఏ దారిన పోతుంది, ఒక ఉత్పత్తిని తక్కువ ఖర్చుతో ఎలా తీయాలి అనే ప్రశ్నల్లో వస్తువులు వేరు. రూపం మాత్రం ఒకటే: కొన్ని పరిమితులకు లోబడి ఒక రాశిని కనిష్ఠం చేయడం.

మాస్టారు: గణితం ఒకటే అన్నంతవరకు ఒప్పుకుంటాను. దానివల్ల కొత్తగా తెలిసేదేముంది?

శిష్యురాలు: లగ్రాంజ్ గుణకాన్ని తీసుకోండి. తీగ మీద జారే పూస లెక్కలో ఆ గుణకం, తీగ పూసను ఎంత బలంతో తోస్తున్నదో చెబుతుంది. కాలువ నీరు ఇంతే అని పరిమితి ఉన్న ఆయకట్టు లెక్కలో అదే గుణకం, ఇంకో యూనిట్ నీరు దొరికితే రాబడి ఎంత పెరుగుతుందో చెబుతుంది. ఆ నీటికి బజారులో ధర లేకపోయినా దాని విలువ లెక్కలోంచి బయటికి వస్తుంది. ఇక్కడ బలం, నీటి విలువ ఒకే రకం వస్తువులని నేననడం లేదు. పరిమితిని కొద్దిగా సడలిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు రెండుచోట్లా జవాబిచ్చేది ఒకే గుణకం అంటున్నాను.

మాస్టారు: బాగానే ఉంది. కానీ ఇదంతా కాగితం మీది బేరం. ప్రపంచాన్ని చూసి, కొలిచి, తప్పో ఒప్పో తేల్చిన సందర్భం ఒకటి చెప్పు.

శిష్యురాలు: టిన్‌బెర్గెన్‌దే, 1931 నాటి ఓడల నిర్మాణం మీది వ్యాసం. ఓడలు ఎక్కువైతే సరుకు రవాణా ఛార్జీలు పడిపోతాయి. ఛార్జీలు పడితే కొత్త ఓడలకు ఆర్డర్లు తగ్గుతాయి. అయితే ఆ తగ్గుదల సముద్రం మీద వెంటనే కనిపించదు. యజమాని నిర్ణయం తీసుకోవడానికి కొంతకాలం, షిప్‌యార్డులో ఓడ కట్టడానికి మరికొంత కాలం పడుతుంది. ఈ రోజు నీళ్లలోకి దిగే ఓడ ఎప్పుడో గడిచిన రోజుల ఛార్జీలకు జవాబు. మొత్తం టన్నేజీ మామూలు స్థాయి నుంచి ఎంత పక్కకు జరిగిందో దాన్ని f అందాం, ఆలస్యాన్ని θ అందాం. అప్పుడు సమీకరణం ఇది:

f′(t) = −a f(t−θ)

ఈ రోజు టన్నేజీ మారే వేగం, θ కాలం కిందట ఉన్న ఎక్కువ తక్కువలకు వ్యతిరేక దిశలో ఉంటుంది. ఆ ప్రతిస్పందన ఎంత గట్టిదో a చెబుతుంది.

మాస్టారు: ఆలస్యం లేకపోతే సంగతి నాకు తెలుసు. పక్కకు జరిగినది మెల్లగా మామూలు స్థాయికి వచ్చి ఆగిపోతుంది. ఆలస్యం ఉంటే అల పుడుతుంది.

శిష్యురాలు: అదీ ఎప్పుడూ పుట్టదు. అంతా a, θ ల లబ్ధం మీద ఆధారపడుతుంది. అది సుమారు 0.37 లోపు ఉంటే అల లేదు. అంతకు మించితే అల వస్తుంది కానీ క్రమంగా సన్నగిల్లుతుంది. π/2, అంటే 1.57 దగ్గర అల ఒకే ఎత్తున సాగుతూ ఉంటుంది. అక్కడ అలకు పట్టే కాలం సరిగ్గా 4θ. ఆలస్యం రెండేళ్లు అనుకుంటే ఎనిమిదేళ్లకో చుట్టు. ఓడల లెక్కల్లో టిన్‌బెర్గెన్ చూసిన చక్రం కూడా ఇంచుమించు అంతే. సూర్యుడి మచ్చలూ వానలూ అవసరం లేకుండా, ఓడల వ్యాపారం లోపలి ఆలస్యమే చక్రాన్ని పుట్టించగలదని దీనివల్ల తేలింది.

మాస్టారు: ఇక్కడే ఆగు. ఎనిమిదేళ్లు కుదిరింది కనుక సమీకరణం నిజమంటావా? నువ్వు నా ల్యాబ్‌లో ఇలా రాస్తే మార్కులు వేసేవాణ్ని కాదు.

శిష్యురాలు: వేయకూడదు కూడా. θ ను రెండేళ్ల దగ్గరే ఉంచి a ను మార్చి చూద్దాం. a ఏడాదికి 0.5 అయితే అల కాలం సుమారు 9.4 ఏళ్లు. ఒక్కో చుట్టుకు ఎత్తు దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. a 1 అయితే కాలం సుమారు 7.5 ఏళ్లు, ఎత్తు ఒక్కో చుట్టుకు దాదాపు రెట్టింపవుతుంది. అంటే a రెట్టింపైనా కాలం పెద్దగా కదల్లేదు. అల చచ్చిపోతుందా, చేయి దాటిపోతుందా అన్నది మాత్రం తలకిందులైంది. కాబట్టి ఎనిమిదేళ్లు కుదరడం ఆలస్యం సంగతి చెబుతుందే తప్ప a గురించి దాదాపు ఏమీ చెప్పదు.

మాస్టారు: మరి ఎలా తేలుస్తావు?

శిష్యురాలు: ఒకే వక్రరేఖను సరిపెట్టి ఊరుకోకుండా, సమీకరణం చెప్పే రెండో సంగతిని వెతకాలి. అల ఒకే ఎత్తున సాగేచోట కొత్త ఓడల రాక శిఖరం, మొత్తం టన్నేజీ శిఖరానికి పావు చుట్టు ముందుండాలి. రవాణా ఛార్జీ, టన్నేజీ గరిష్ఠంగా ఉన్నప్పుడే అడుగంటాలి. ఈ వరస తప్పితే, కాలం ఎంత చక్కగా కుదిరినా సమీకరణం తప్పే. దీనికి తోడు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. 1927లో స్లుట్‌స్కీ లాటరీ అంకెలను ఒక్కొక్కటిగా జరుగుతూ కొన్నేసి చొప్పున కూడుతూ పోతే వ్యాపార చక్రాల్లాంటి అలలే వస్తాయని చూపించాడు. కారణమే లేని చోట కూడా అల కనబడుతుంది. కాబట్టి అల కనబడగానే సంబరపడకూడదు.

మాస్టారు: ఈ జాగ్రత్తలన్నీ ఫిజిక్స్‌వే. నీ వాదన బలపడుతోందనే అనుకో. కానీ నా అసలు అభ్యంతరం ఇప్పుడు చెబుతాను. లోలకం తన సమీకరణాన్ని చదవదు. ఓడ యజమాని టిన్‌బెర్గెన్ వ్యాసం చదవగలడు. చదివి, ఛార్జీలు అడుగంటినప్పుడే ఆర్డర్ ఇచ్చాడనుకో, నీ a ఏమవుతుంది?

శిష్యురాలు: మారిపోతుంది. చాలామంది అలా చేస్తే అలే పోవచ్చు. ఇది చిన్న అభ్యంతరం కాదు మాస్టారూ. 1976లో రాబర్ట్ లూకాస్ విధానాల లెక్కలన్నిటి మీదా ఇదే ప్రశ్న వేశాడు. అంతకుముందే, 1944లో ట్రిగ్వె హావెల్మో దీన్ని ఒక ఉదాహరణతో విడమరిచాడు. చదునైన, పొడి రోడ్డు మీద యాక్సిలరేటర్ ఎంత తొక్కితే కారు ఎంత వేగం అందుకుంటుందో కొలిచి పట్టిక వేయొచ్చు. ఆ పట్టిక ఆ కారుకు, ఆ రోడ్డుకు చక్కగా పనిచేస్తుంది. ఇంజన్ మార్చారంటే కాగితం చించేయాలి. ఇంజన్ లోపల ఉష్ణానికి, ఘర్షణకు ఉన్న నియమాలు మాత్రం మారవు. సంబంధాలన్నీ ఒకేలా గట్టివి కావు. కొన్ని ఏర్పాటు మారితే తెగిపోతాయి, కొన్ని నిలుస్తాయి.

మాస్టారు: అయితే a యాక్సిలరేటర్ పట్టికలాంటిదే.

శిష్యురాలు: అవును. θ లో ఒక భాగం మాత్రం అలాంటిది కాదు. యజమాని ఎంత తెలివైనవాడైనా ఓడ కట్టడానికి పట్టే కాలాన్ని కోరికతో తగ్గించలేడు. ఒకే సమీకరణంలో పక్కపక్కనే ఉన్న రెండు అక్షరాల్లో ఒకటి మనుషుల అంచనాల మీద నిలబడింది, రెండోది ఉక్కు, కూలీలు, షిప్‌యార్డు మీద నిలబడింది. ఏది ఏ మార్పుకు నిలుస్తుందో వేరుచేసి చూడటం నాకు మీ దగ్గరే అబ్బింది. నిర్దేశ చట్రం మారినా మారనిదేమిటని మీరు ప్రతి లెక్కలోనూ అడిగేవారు.

మాస్టారు: అక్కడ మారనిదాన్ని సౌష్ఠవం ముందే చెబుతుంది. ఇక్కడ ఎవరు చెబుతారు?

శిష్యురాలు: ముందుగా ఎవరూ చెప్పరు. ప్రతి చోటా విడిగా వెతుక్కోవాలి, అందుకే అది పీహెచ్‌డీ పని. గుంటూరు మిర్చి సంగతే చూడండి. ఈ ఏడు ధర బాగుంటే వచ్చే ఏడు ఎక్కువ ఎకరాల్లో వేస్తారు, పంట ఎక్కువై ధర పడుతుంది. ఓడల లెక్కకు ఇది దగ్గరి చుట్టం. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలు వచ్చాక రైతు పంటను వెంటనే అమ్మాలని లేదు. నారు నాటినప్పటి నుంచి కాయ కోసేదాకా పట్టే నెలలు మారలేదు, కాబట్టి ఆ ఆలస్యం నిలిచే భాగం. ధరకు సాగు ఎంత స్పందిస్తుందన్న లెక్క నిలవని భాగం. నిల్వ సౌకర్యం పెరిగిన చోట ధరల ఒడుదొడుకులు తగ్గాలి, లేని చోట తగ్గకూడదు. దీన్ని ఊరూరికీ పోల్చి చూడొచ్చు. తగ్గకపోతే నా అవగాహన తప్పని ఒప్పుకోవాలి.

మాస్టారు: నిల్వ ఎక్కడ వస్తుందన్నది యాదృచ్ఛికం కాదమ్మా. మిర్చి ఎక్కువ పండే చోటనే గిడ్డంగి కడతారు.

శిష్యురాలు: నాకు ఇంకా రాని పద్ధతి అదే. ఫిజిక్స్‌లో ప్రయోగాన్ని మనమే అమర్చుకుంటాం. ఎకనామిక్స్‌లో ప్రపంచం ముందే అమర్చేసి ఉంటుంది, ఆ అమరికలో ఎవరి ఎంపిక ఎంతో విడదీయాలి. ఎకనామిక్స్ వాళ్లు దీని మీద దశాబ్దాలు పనిచేశారు. నేను అక్కడికి పాఠం చెప్పడానికి వెళ్లడం లేదు, ఇది నేర్చుకోవడానికి వెళుతున్నాను.

మాస్టారు: అయితే దరఖాస్తులో ఆ వాక్యం తీసేయి.

శిష్యురాలు: తీసేసి ఇలా రాస్తాను: "సమస్య రూపాన్ని గుర్తుపట్టడం, సమీకరణం చెప్పే రెండో సంగతితో దాన్ని పరీక్షించడం, ఏర్పాటు మారినా నిలిచే సంబంధాన్ని వెతకడం ఫిజిక్స్‌లో నేర్చుకున్నాను. మనుషులు తమ గురించిన నియమాన్ని తెలుసుకుని మారిపోయే చోట ఈ మూడింటిలో ఏది ఎంతవరకు నిలుస్తుందన్నదే నా పరిశోధన ప్రశ్న."

మాస్టారు: ఇప్పుడు ఇది ఫిజిక్స్‌ను వదిలిపోవడానికి చెప్పిన సాకులా లేదు. ఎక్కడ విఫలం కావచ్చో కూడా చెబుతోంది కనుక కారణంలా ఉంది. పంపించు.