బొమ్మలో లేని గాలి

పాలిటెక్నిక్‌లో న్యూమాటిక్స్ చెప్పే నేను అన్నిటికంటే ఎక్కువసార్లు గీసిన బొమ్మ ఒకటే. పైన డబుల్ యాక్టింగ్ సిలిండర్, కింద ఫైవ్ బై టూ డైరెక్షన్ కంట్రోల్ వాల్వ్, ఆ రెంటినీ కలిపే రెండు గీతలు. పిల్లలతో మాట్లాడుతూనే బోర్డు మీద గీసేస్తాను. చెయ్యి ఎక్కడా ఆగదు. ఈ మధ్య ఆ ఆగకపోవడమే నాకు అనుమానం తెచ్చింది. ఈ బొమ్మంటే నాకు ఇష్టం, ఆ మాట దాచను. అందులో ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి ఇష్టమా, లేక అది నన్నెప్పుడూ ఎదురు ప్రశ్న వెయ్యదు కాబట్టి ఇష్టమా?

బొమ్మలో ఏముందో చెప్పనివ్వండి. వాల్వ్‌ను పక్కపక్కన రెండు చతురస్రాలుగా గీస్తాం. ఒక్కో చతురస్రం స్పూల్ నిలబడే ఒక్కో స్థానం. గొట్టాల గీతలు మాత్రం ఒక్క చతురస్రానికే కలుపుతాం, అది ప్రారంభ స్థానం. పోర్టులకు అంకెలు ఉంటాయి. 1 అంటే గాలి వచ్చే దారి. 4 సిలిండర్ వెనక వైపుకి, 2 రాడ్ వైపుకి వెళ్తాయి. 5, 3 ఎగ్జాస్ట్‌లు, అక్కడ సైలెన్సర్లు. స్పూల్ ప్రారంభ స్థానంలో ఉంటే 1 నుంచి 2కి గాలి వెళ్తుంది, 4లోది 5 గుండా బయటికి పోతుంది, రాడ్ లోపలే ఉంటుంది. 14 అని రాసిన వైపు సొలెనాయిడ్‌కి కరెంటు ఇస్తే 1 నుంచి 4కి, 2 నుంచి 3కి దారి మారుతుంది, రాడ్ బయటికి వస్తుంది. ఆ అంకెలోనే అర్థం ఉంది: 14 పని చేస్తే 1, 4 కలుస్తాయి. అటువైపు 12 పని చేస్తే 1, 2 కలుస్తాయి.

సిలిండర్ రెండు గీతల మీద ఒక్కో ఫ్లో కంట్రోల్ గీస్తాం. అందులో సన్నని సందు ఒకటి, దాని పక్కనే చెక్ వాల్వ్. లోపలికి వెళ్లే గాలి చెక్ వాల్వ్ గుండా అడ్డు లేకుండా పోతుంది. బయటికి వచ్చే గాలి మాత్రం ఆ సందులోంచే రావాలి. దీన్నే మీటర్ అవుట్ అంటారు. వచ్చే గాలిని కాకుండా పోయే గాలిని బిగించడానికి కారణం ఉంది. పిస్టన్ వెనక తోసే గాలి, ముందు నెమ్మదిగా పోతూ నిలవరించే గాలి, ఈ రెంటి మధ్య పిస్టన్ నిలకడగా కదులుతుంది. లోపలికి వెళ్లే గాలిని బిగిస్తే, ముందు అడ్డు లేని పిస్టన్ ఆగి ఆగి కుదుపులతో కదిలే అవకాశం ఎక్కువ.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. వచ్చిన చోటే చిక్కు.

పగలు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేస్తూ, సాయంత్రం మా దగ్గర డిప్లొమా చదివే అబ్బాయి ఒకడున్నాడు. ఒకరోజు నేను బొమ్మ గీయడం అయ్యాక లేచి అడిగాడు. "సార్, మీ బొమ్మలో రాడ్ లోపల ఉంది, ఏ బటనూ నొక్కలేదు. మా దగ్గరా అచ్చం అట్లనే ఉంది సార్. కానీ పొద్దున ఎయిర్ తెరవగానే రాడ్ ఒక్క దూకు దూకి బయటికొచ్చింది. ఫ్లో కంట్రోల్ బాగా బిగించే ఉంది. బొమ్మ తప్పా, మిషన్ తప్పా?"

వాల్వ్‌కి రెండు వైపులా సొలెనాయిడ్లున్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. ఎయిర్ కట్టేశాక రాడ్‌ని ఎవరైనా చేత్తో తోశారా అన్నాను. అట్టపెట్టె ఇరుక్కుంటే రాత్రి తనే వెనక్కి తోశానన్నాడు. అక్కడితో లెక్క తేలిపోయింది.

రెండు సొలెనాయిడ్ల వాల్వ్‌లో స్పూల్ చివరిసారి ఎటు జరిగిందో అటే ఉండిపోతుంది. గోడ మీది ఫ్యాన్ స్విచ్ లాగా అన్నమాట. కరెంటు పోయి వచ్చినా వేసిన స్విచ్ వేసినట్టే ఉంటుంది. స్ప్రింగ్ ఉన్న వాల్వ్ అయితే కాలింగ్ బెల్ బటన్, వేలు తీయగానే వెనక్కి వస్తుంది. ఆ రాత్రి రాడ్ బయట ఉండగా మిషన్ ఆపారు. స్పూల్ 14 వైపే ఉంది. మెయిన్ ఎయిర్ కట్టేస్తే ఆ కాక్ లైనులోని గాలిని బయటికి వదిలేస్తుంది. సిలిండర్ వెనక ఉన్న గాలి ఫ్లో కంట్రోల్ సందులోంచి మెల్లగా 4 గుండా, 1 గుండా వెనక్కి పోయింది. రాడ్ వైపు గాలి 3 గుండా అప్పటికే పోయి ఉంది. రెండు వైపులా ఖాళీ. అందుకే ఆ అబ్బాయి తోస్తే రాడ్ తేలిగ్గా లోపలికి వెళ్లింది.

ఇప్పుడు మిషన్ చూడ్డానికి అచ్చం నా బొమ్మలా ఉంది. రాడ్ లోపల, సిగ్నల్ లేదు. కానీ స్పూల్ అవతలి చతురస్రంలో ఉంది. పొద్దున ఎయిర్ తెరవగానే గాలి 1 నుంచి 4కి, చెక్ వాల్వ్ గుండా అడ్డు లేకుండా సిలిండర్ వెనకకి దూరింది. అవతలి వైపు ఫ్లో కంట్రోల్ బిగించే ఉంది, నిజమే. కానీ నిలవరించడానికి అక్కడ ఒత్తిడిలో ఉన్న గాలి ఉండాలి కదా, అది లేదు. 50 మిల్లీమీటర్ల బోరు, 6 బార్ గాలి అనుకుంటే పిస్టన్ మీద తోపు దాదాపు 1,180 న్యూటన్లు, అంటే సుమారు 120 కిలోల బరువు. రోజంతా మర్యాదగా నడిచే రాడ్‌ని ఆ బలం మొదటిసారి పగ్గం లేకుండా తోస్తుంది. రెండో స్ట్రోక్ నుంచి మళ్లీ అంతా మామూలే, ఎందుకంటే అప్పటికి రెండు గదుల్లోనూ గాలి చేరి ఉంటుంది. జబ్బును గుర్తుపట్టే ఆనవాలు కూడా అదే: దూకుడు మొదటి కదలికకే పరిమితమైతే ఫ్లో కంట్రోల్‌ని తిప్పి లాభం లేదు, అవతలి గది ఖాళీగా ఉందన్నమాట. ప్రతి స్ట్రోక్‌కీ దూకుతుంటే అప్పుడు సందు చూడాలి, లేదా ఫ్లో కంట్రోల్ తిరగేసి బిగించారేమో చూడాలి.

అబ్బాయికి ఇదంతా చెప్పాను, తృప్తిగా కూర్చున్నాడు. తృప్తి లేనిది నాకే. ఆ జవాబులో నేను వాడిన రెండు ముఖ్యమైన సంగతులు, స్పూల్ చివరిసారి ఎటు జరిగిందన్నది, ఏ గదిలో ఎంత గాలి ఉందన్నది, రెండూ బొమ్మలో లేవు. బొమ్మలో దారులుంటాయి, అంతకుముందు ఏం జరిగిందో ఉండదు. ఈ సంగతి నాకు కొత్త కాదు. మరి ఎవరో అడిగితే తప్ప నా నోట ఎందుకు రాలేదు?

వెతికి చూసుకుంటే నాలో ఒక మొగ్గు కనిపిస్తోంది. నాకు దారులు నచ్చుతాయి. దారి ఎప్పుడు చూసినా ఒకేలా ఉంటుంది, చెప్పడానికి వీలుగా ఉంటుంది, పరీక్షలో మార్కులు వెయ్యడానికీ వీలుగా ఉంటుంది. అంతకుముందు జరిగినదాన్ని లెక్కలోకి తీసుకుంటే ప్రతి జవాబూ "అది ఆధారపడి ఉంటుంది" అని మొదలవుతుంది. క్లాసులో ఆ మాటతో మొదలుపెట్టడం నాకు ఇబ్బంది. తెలిసిన మనిషిలా కనిపించాలన్న కోరిక, తెలిసినదంతా చెప్పకుండా నన్ను ఆపుతోంది. మిగతా విషయాల్లో నేను బాగానే మొహమాటస్తుణ్ణి. ఈ బొమ్మ ముందు మాత్రం నా ధీమా చూసుకుంటే నాకే వింతగా ఉంటుంది.

ఇంకో మొగ్గు కూడా పట్టుబడింది. ఏ వాల్వ్ పెట్టాలని పిల్లలు అడిగితే నా నోటికి ముందు వచ్చేది ఒక సొలెనాయిడ్, ఒక స్ప్రింగ్. కరెంటు పోతే రాడ్ ఇంటికి వచ్చేస్తుంది, క్షేమం. ఈ "ఇంటికి రావడం" మీద నాకున్న మక్కువ ఇంజనీరింగా, స్వభావమా? ఒక్క ఉదాహరణ చాలు నా ధీమా కదలడానికి. అదే సిలిండర్ ఒక బరువైన ఇనప ముక్కను బిగించి పట్టుకుని ఉంది, పైన డ్రిల్లు తిరుగుతోంది. కరెంటు పోయింది. డ్రిల్లు వెంటనే ఆగదు. స్ప్రింగ్ వాల్వ్ మాత్రం తన పని తను చేసి ముక్కను వదిలేస్తుంది. అక్కడ ఉండాల్సింది ఉన్నచోటే ఉండిపోయే వాల్వ్. పైగా స్ప్రింగ్ ఉన్నంత మాత్రాన దూకుడు పోదు. గాలి లేనప్పుడు రాడ్‌ని ఎవరైనా బయటికి లాగితే, ఎయిర్ తెరవగానే అది అంతే జోరుగా లోపలికి కొడుతుంది. రాడ్ మందం మేర వైశాల్యం తగ్గుతుంది కాబట్టి, 20 మిల్లీమీటర్ల రాడ్ అయితే, ఆ బలం సుమారు 990 న్యూటన్లు. వేళ్లు నలగడానికి అది చాలదని ఎవరూ అనరు. స్ప్రింగ్ దూకుడును ఆపదు, ఎటు దూకుతుందో ముందే తేలుస్తుంది, అంతే.

దీనికి మందు లేకపోలేదు. ఎఫ్‌ఆర్‌ఎల్ తర్వాత సాఫ్ట్ స్టార్ట్ వాల్వ్ పెడితే గాలిని మొదట సన్నగా వదులుతుంది, ఒత్తిడి దాదాపు సగానికి చేరాకే పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ లోపు సిలిండర్లు మెల్లగా తమ తమ చోట్లకు చేరతాయి. కానీ దానికీ హద్దుంది. మధ్య స్థానంలో రెండు గదులనూ ఖాళీ చేసే ఫైవ్ బై త్రీ వాల్వ్ ఉంటే, మెయిన్ ఎయిర్ ఉండగానే మధ్యలో ఆపిన ప్రతిసారీ గదులు ఖాళీ అవుతాయి. తర్వాతి కదలిక మళ్లీ దూకుడే. మెయిన్ లైనులో ఉన్న సాఫ్ట్ స్టార్ట్‌కి ఆ సంగతే తెలియదు. అక్కడ లోపలికి వచ్చే గాలికి కూడా ఒక బిగింపు పెట్టి, కాస్త కుదుపును భరించాల్సిందే.

ఇప్పుడు బోర్డు మీద బొమ్మ పూర్తయ్యాక పక్కన మూడు ప్రశ్నలు రాస్తున్నాను. గాలి పోతే స్పూల్ ఎటుంటుంది? గాలి లేనప్పుడు రాడ్‌ని ఎవరైనా కదిలిస్తే ఎక్కడుంటుంది? గాలి తిరిగి వచ్చిన మొదటి క్షణం ఏ గది ఖాళీగా ఉంటుంది? మూడో ప్రశ్నకి పిల్లలు చెప్పే జవాబులు తరచు నాకు తోచనివి. ఎవరో ఒకరు గొట్టం లీకు గురించి అడుగుతారు, ఇంకొకరు సిలిండర్‌ని నిలువుగా వేలాడదీస్తే రాడ్ బరువుకే దిగిపోదా అంటారు. పాఠం అనుకున్న గంటలో అవడం లేదు. బొమ్మ గీసేటప్పుడు నా చెయ్యి కూడా ఇదివరకటంత వేగంగా కదలడం లేదు. వయసు వల్ల అనుకుంటున్నారు మా వాళ్లు, నేనేమీ సరిదిద్దడం లేదు.