ఏం గాదు అనకముందు

జహీరాబాద్‌లో మా చిన్నమ్మ మంచం నడింట్లో వేశారు, గడప దాటగానే కనిపించేటట్టు. ఎదురుగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు. రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలాక వచ్చిన మొదటి ఆదివారం ఆ కుర్చీలు ఒక్క ఘడియ ఖాళీగా లేవు. బంధువులు, వాడకట్టోళ్లు, చిన్నాయనతో పనిచేసేవాళ్లు పొద్దున్నుంచి చీకటి పడేదాకా వచ్చిపోతూనే ఉన్నారు. నేను చాయ్ అందిస్తూ అందరి మాటలూ విన్నాను. అందరూ ప్రేమతోనే వచ్చారు, ఒక్కరి మనసులోనూ చెడు లేదు. చివరివాళ్లు వెళ్లాక చిన్నమ్మ తలుపు దగ్గరికి వెయ్యమంది. "అందరికీ ధైర్యం చెప్పి చెప్పి అలిసిపోయిన బిడ్డా" అంది.

తడబడి అలా అందేమో అనుకున్నాను. ధైర్యం చెప్పడానికి వచ్చింది వాళ్లు కదా! రాత్రి పడుకున్నాక ఆ రోజు మాటలన్నీ మళ్లీ గుర్తు చేసుకుంటే తెలిసింది, ఆమె అన్నది అక్షరాలా నిజం. మేనత్త వరసావిడ వచ్చీ రాగానే కళ్లు తుడుచుకుంటూ "ఏం గాదు, ఏం గాదు" అంది. చిన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని "అవ్, ఏం గాదు" అంది. ఇంకొకాయన "మా తోడల్లుడికి గొంతుల గడ్డొచ్చింది, ఇప్పుడు గుండ్రాయి లెక్క తిరుగుతుండు" అని అరగంట అతని కథ చెప్పాడు. చిన్నమ్మ "మంచిదే నాయినా, ఆయన సల్లగుండాలె" అంది. దేవుడు పరీక్ష పెడుతున్నాడని ఒకరంటే తల ఊపింది. "బానే కనిపిస్తున్నవ్ గదా" అన్న ఆవిడకు నవ్వి చూపించింది. మంచం మీద ఉన్న మనిషి వచ్చినవాళ్ల గుబులు తీర్చి పంపింది. ఆమె గుబులు ఎవరూ అడగలేదు, ఆమే దాచుకుంది.

"ఏం గాదు" అన్న మాట మా వైపు ఎంత సులువుగా వస్తుందో చెప్పక్కర్లేదు. పిల్లాడు పడి మోకాలు గీరుకుంటే ఏం గాదంటాం, బస్సు తప్పిపోయినా ఏం గాదంటాం. అక్కడ అది నిజం, అందుకే పని చేస్తుంది. చిన్నమ్మకు వచ్చినదానికి అదే మాట వాడితే అది ఆమెకు తెలిసినదాన్ని కాదనడమే. ఆమెకు మేమెవ్వరం రోగం పేరు చెప్పలేదు. గడ్డ అన్నాం, మందులతో కరుగుతుందన్నాం. సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా వంద కిలోమీటర్లు బస్సులో తీసుకుపోయి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టాం. ఆమెకు బోర్డు చదవడం రాదన్నదే మా ధీమా. గంటసేపు చుట్టూ చూసి నన్నడిగింది, "తిరుపతికి పోకుండనే ఇంతమంది ఆడోళ్లకు గుండ్లు ఎందుకున్నయి బిడ్డా?"

నేను ఏదో చెప్పి మాట మార్చాను. ఆ తర్వాత ఆమె నన్ను ఇంకేం అడగలేదు. ఆమెకు తెలిసిపోయిందని దాచినవాళ్లకూ, దాస్తున్నారని ఆమెకూ తెలిసి కూడా ఇంట్లో ఎవరూ పెదవి విప్పని నెలలవి. ఆ ఇంట్లోకి వచ్చి "ఏం గాదు" అంటే, ఆమెను ఆ గదిలో ఒంటరిగా పెట్టి బయట గొళ్లెం వేసినట్టే. భయమేస్తుందని చెబుదామని నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోతుంది.

ఎవరినో తప్పు పట్టడానికి నాకు హక్కు లేదు. నేనూ అన్నాను. మూడో కీమో తర్వాత ఆమె తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంటే, "నువ్వు ధైర్యవంతురాలివి చిన్నమ్మా, గట్టిగ పోరాడాలె" అన్నాను. ఆమె గోడవైపు తిరిగింది. కాసేపటికి అటే చూస్తూ, "అందరు ధైర్యం ధైర్యం అంటే, ఏడ్వనీకి నేను ఏడికి పోవాలె?" అంది.

అమెరికన్ రచయిత్రి సూసన్ సాంటాగ్ తనకే రొమ్ము క్యాన్సర్ వచ్చిన తర్వాత 1978లో 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' అనే పుస్తకం అచ్చువేసింది. రోగాన్ని యుద్ధమని చెప్పే భాష, రోగి స్వభావానికి రోగాన్ని అంటగట్టే భాష మనిషి మీద ఎంత బరువు పెడతాయో అందులో చర్చించింది. ఆ గోడవైపు తిరిగిన తల నాకు ఆ పుస్తకాన్ని అర్థం చేయించింది. ఇది పోరాటమే అయితే, మందు పనిచేయని మనిషి ఓడిపోయినట్టు. మందు పని చేయడం, చేయకపోవడం ఆమె గుండె నిబ్బరంలో ఉందా? గడ్డ తీరులో ఉంది, ఎంతదాకా పాకిందన్నదాంట్లో ఉంది. "ఏ జన్మ పాపమో" అన్నవాళ్లూ, "పోరాడాలె" అన్న నేనూ తెలియకుండానే ఒక పని చేశాం. రోగం లెక్కను రోగి ఖాతాలో రాశాం.

ఇన్ని మాటలు విన్నాక నేను ఒకటి గమనించడం మొదలుపెట్టాను. ఎవరైనా ఒక మాట అన్నాక, తర్వాతి మాట చిన్నమ్మ ఏం అనగలుగుతుంది? "ఏం గాదు" తర్వాత ఆమె "అవ్" అనాలి, అంతే. "అంత దేవుడే చూసుకుంటడు" తర్వాత దండం పెట్టాలి. "ఏమన్న కావాలంటే చెప్పు" అన్న మాట ఎంత మంచిగా వినిపించినా, ఏం కావాలో వెతుక్కునే పని, నోరు తెరిచి అడిగే పని రెండూ ఆమెకే మిగులుతాయి. మొహమాటపు మనిషి ఎప్పుడూ అడగదు. ఆ మాటలన్నిటి తర్వాత ఆమె చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

వెనకింటావిడ మాట తీరు వేరు. కీమో ఇరవై ఒక్క రోజులకోసారి. ఎర్ర మందు ఎక్కించిన మొదటి నాలుగైదు రోజులు వాంతులు, వాసన పడదు. రెండో వారం వచ్చేసరికి రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి, నోట్లో పుండ్లు పడతాయి, ఎవరి జలుబైనా ఇట్టే అంటుకుంటుంది. మూడో వారంలో కాస్త మనిషి అవుతుంది, అంతలో మళ్లీ బస్సెక్కాలి. అందరికీ అన్నీ ఇలాగే ఉండవు, చిన్నమ్మకు ఇలా ఉండేది. వెనకింటావిడ ఈ లెక్క మా అమ్మను అడిగి తెలుసుకుంది. రెండో వారం ఇంట్లోకి రాకుండా గడప అవతల నిలబడి అడిగేది, "ఇయ్యాల గొంతు ఎట్లుంది? అంబలి పల్చగ చెయ్యాల్నా, చిక్కగనా?"

అందరూ "తినాలె, తింటేనే బలమొస్తది" అంటూ జొన్నరొట్టె ముందు పెట్టేవాళ్లు. నాలుక మీద పుండుకు రొట్టె అంచు తగిలితే ప్రాణం పోయినట్టుండేది. వెనకింటావిడ జొన్నంబలి చల్లార్చి, కారం తగలకుండా మజ్జిగ కలిపి, మూతపెట్టిన గిన్నె తెచ్చేది. గిన్నె గడప మీద పెట్టి, "తాగబుద్ధి కాకుంటే పక్కన పెట్టు, నేనేం అనుకోను" అనేది. పల్చగనా, చిక్కగనా అంటే చిన్నమ్మ జవాబు చెప్పగలిగేది. "ఎట్లున్నవ్" అంటే ఎవరికైనా "బానే ఉన్న" అనే చెప్తాం. "ఇయ్యాల ఎట్లుంది" అంటే మాత్రం నిజం చెప్పడానికి దారి దొరుకుతుంది, ఎందుకంటే అడిగింది ఒక్క రోజు సంగతే.

ఇంకో మనిషి, మా వీధి చివర ఉండే చాచా. ముస్లింలలో రోగిని చూడబోవడాన్ని ఇయాదత్ అంటారు, ఎక్కువసేపు కూర్చుని రోగిని అలిసిపోనివ్వకూడదని పెద్దలు చెబుతారు. చాచా ఐదు నిమిషాలు కూర్చున్నాడు. రోగం మాట ఎత్తలేదు. లేచేటప్పుడు అన్నాడు, "అమ్మా, మా మనవరాలికి పరీక్షలున్నయి. నువ్వు దువా చెయ్యి. జబ్బుల ఉన్నోళ్ల దువా అల్లా తొందరగ వింటడు." ఎనిమిది నెలలుగా అందరి నుంచీ తీసుకుంటూ, అందరి జాలినీ భరిస్తూ పడుకున్న మనిషిని ఒకాయన వచ్చి చెయ్యి చాపి అడిగాడు. ఆ సాయంత్రం చిన్నమ్మ లేచి కూర్చుని మొహం కడుక్కుని దీపం పెట్టమంది. ఆ పిల్ల పరీక్షలు అయిపోయేదాకా రోజూ పెట్టించింది.

పరామర్శ అనే మాటకు సంస్కృతంలో తాకడం, పట్టుకోవడం, ఆలోచించి చూడడం అనే అర్థాలున్నాయని తర్వాత నిఘంటువులో చూశాను. ఆ ఇద్దరికీ నిఘంటువు అక్కర లేకపోయింది.

మరి ఏమీ అనకుండా ఉంటే సరిపోతుందా? సరిపోదు. ఏం మాట్లాడాలో తెలియక రావడమే మానేసిన దగ్గరి స్నేహితురాలి కోసం చిన్నమ్మ ఎంత ఎదురుచూసిందో నాకు తెలుసు. "ఏం మాట్లాడాల్నో తెల్వక రాలేదే" అని ఆ మాటే చెప్పి వచ్చి కూర్చున్నా ఆమెకు చాలేది. కొందరికి కొన్ని రోజుల్లో "మంచిగైతది" అన్న మాటే కావాలి, అది కూడా నిజమే. వాళ్లే ముందు ఆ మాట ఎత్తితే కలిసి అనాలి. వాళ్లు భయం గురించి మొదలుపెట్టినప్పుడు ఆ మాటతో మూత పెట్టకూడదు.

తిమోతి క్విల్, ఇంకో ఇద్దరు అమెరికన్ వైద్యులు 2001లో ఒక వైద్యపత్రికలో దీని గురించే రాశారు. రోగి జరగనిదాన్ని కోరుకున్నప్పుడు వైద్యుడు ఆశ పెట్టి అబద్ధమాడకుండా, కాదని మొహం మీద చెప్పకుండా, తానూ అలాగే కోరుకుంటున్నానని చెప్పొచ్చని. చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. గడ్డ ఎముకల్లోకి పాకిందని తెలిసిన రోజు చిన్నమ్మ "ఇంకో రెండు మందులు ఎక్కిస్తే తగ్గుతుందేమో అక్కా" అంటే, అమ్మ ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని "తగ్గితే ఎంత బాగుండు చెల్లె" అంది. అక్కాచెల్లెళ్లు ఏడ్చారు. రోగం వచ్చాక చిన్నమ్మ మనుషుల ముందు ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

దసరా వెళ్లాక ఒక రాత్రి నేను మార్ఫిన్ మాత్ర ఇచ్చి దుప్పటి కప్పుతుంటే అడిగింది, "సంక్రాంతి దాక ఉంటనా బిడ్డా?"

"అవేం మాటలు చిన్నమ్మా" అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. మంచం అంచున కూర్చుని, "నాకు తెల్వదు చిన్నమ్మా. సంక్రాంతి ఎందుకు యాదికొచ్చింది?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత బీదర్‌లో ఇచ్చిన బిడ్డ సంక్రాంతికి వస్తుందని, తన పెళ్లినాటి ఆకుపచ్చ పట్టుచీర దానికి తన చేత్తో ఇవ్వాలనుకుందని, అప్పటికి చెయ్యి లేస్తుందో లేదోనని చెప్పింది. ఆమె అడిగింది చావు గురించని నేననుకున్నాను. ఆమె మనసు చీర మీద ఉంది.

"సంక్రాంతి దాక ఎందుకు, రేపే రమ్మందామా?" అన్నాను.

"పిల్లల బడి ఉంటది గదా" అంది. ఆ వెంటనే, "ఫోన్ చెయ్" అంది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే చెల్లె దిగింది. చిన్నమ్మ నన్ను బీరువా తాళం తియ్యమంది. చీర మడతల్లో కలరా ఉండల వాసన. ఏ చీర అన్నది తెలిసినా, "అది గాదు, కింద అరలది" అని ఒక్కొక్కటే తీయించి, ఒక్కొక్కటి ఏ పండగకు కొన్నదో చెబుతూ మధ్యాహ్నం దాకా కూర్చుంది.