పురస్కారం తర్వాతి పేరా

గుంటూరు బ్రాడీపేటలో ఏ లైనులోంచి ఏ అడ్డరోడ్డులోకి తిరిగినా ఎవరో ఒకరి విజయం ఎదురవుతుంది. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులూ పిల్లల ఫొటోలూ ఉంటాయి. శంకర్‌విలాస్ సెంటర్ వైపు వెళితే, పదవి వచ్చినవాళ్లకీ ప్రమోషన్ వచ్చినవాళ్లకీ అభినందనల ఫ్లెక్సీలు. వాటితో నాకు పేచీ ఏమీ లేదు. ఫ్లెక్సీ ఉన్నది అభినందించడానికే, కట్టించేది కూడా బంధువులో స్నేహితులో. నన్ను ఆలోచనలో పడేసేది మరొకటి. అదే భాష, మనిషి తన గురించి తాను రాసుకునే వ్యాసంలోకి వచ్చి స్థిరపడిపోతోంది.

ఉపాధ్యాయులు నడుపుకునే ఒక చిన్న మాసపత్రికకు వచ్చే రచనలు నేను చూస్తుంటాను. సెప్టెంబర్ 5 దాటిందంటే పురస్కారాలు అందుకున్నవాళ్ల అనుభవ వ్యాసాలు వస్తాయి. మంచి ఉపాధ్యాయులే, మంచి పనే చేసి ఉంటారు. వ్యాసంలో మాత్రం ఆ పని కనపడదు, పురస్కారం కనపడుతుంది. అలాంటి ఒక వ్యాసంతో, దాని రచయిత్రితో నాలుగు సాయంత్రాలు కూర్చున్నాక, ఆత్మస్తుతి ఎక్కడ దాక్కుంటుందో నాకు కొంత స్పష్టమైంది.

ఆమె పల్నాడు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. పత్తి, మిరప పండే ఊరు. పత్తి తీతలు మొదలైన దగ్గర్నుంచి తరగతిలో బల్లలు ఖాళీ అవుతూ వస్తాయి. జనవరి నుంచి మిరప కోతలు. పదో తరగతి పరీక్షలూ కోతలూ ఒకే నెలలో పడతాయి. అదే సమయంలో కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, ఆదోని వైపు నుంచి, కూలి కుటుంబాలు పిల్లాపాపలతో ఇక్కడికి వలస వస్తాయి. ఇక్కడి పిల్లలు బడి మానేస్తారు. అక్కడి పిల్లలు బడి వదిలేసి వచ్చి ఇక్కడి చేలల్లో ఉంటారు. ఆమె పని చేసింది ఈ రెండు రకాల పిల్లలతోనూ.

ఆమె వ్యాసంలో కీలకమైన పేరా ఇలా ఉంది: “మా పాఠశాలలో చదువు మానేసే బాలికల సంఖ్యను నా నిరంతర కృషితో సున్నాకు తీసుకువచ్చాను. ఈ కృషికి గుర్తింపుగా ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం నన్ను వరించింది.”

ఈ భాష ఎక్కడిదని అడిగితే ఆమె వెంటనే చెప్పింది, పురస్కారం ఫైలులోదని. అందులో తప్పుపట్టవలసింది లేదు. మన దేశంలో జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు 1958లో మొదలయ్యాయి. 2018 నుంచి ఉపాధ్యాయులే స్వయంగా ఆన్‌లైన్‌లో తమ పేరు ప్రతిపాదించుకోవాలి. ఏ స్థాయి పురస్కారానికైనా ఫైలు కట్టాలంటే ఏం చేశారు, ఎంత ఫలితం వచ్చింది, ఆధారాలేవి అన్నదే అడుగుతారు. అక్కడ “నేను చేశాను” అని రాయకపోతే ఫైలు కదలదు. దరఖాస్తు చదివేవాడు నిర్ణయం తీసుకోవాలి కాబట్టి ఫలితం కావాలి. వ్యాసం చదివేవాడికి నిర్ణయించవలసిందేమీ లేదు. అతనికి కావలసింది ఆ అనుభవం. ఫైలులో పనికొచ్చిన వాక్యం వ్యాసంలో పాఠకుణ్ణి ఒక కమిటీ సభ్యుడిగా మార్చేస్తుంది. ఆ క్షణం నుంచి అతను చదవడు, మార్కులు వేస్తాడు.

రెండో సాయంత్రానికి ఆమె “నా నిరంతర కృషితో” కొట్టేసి, చివర “ఇందులో నా గొప్పతనమేమీ లేదు, అంతా పెద్దల ఆశీస్సులు” అని చేర్చింది. ఇలా సవరించేవాళ్లే ఎక్కువ. కానీ ఆ వినయం పాఠకుడి మీద ఒక బాధ్యత పెడుతుంది. “అయ్యో, అలా అనకండి” అని అతను మనసులోనైనా అనాలి. పైగా సున్నా అలాగే ఉంది, అది ఎలా వచ్చిందో మనకింకా తెలియదు. పెద్దలు ఎవరు, ఆశీస్సులు ఏ రూపంలో వచ్చాయి, అదీ తెలియదు. అందరికీ కృతజ్ఞత చెప్పిన వాక్యంలో ఒక్క మనిషి కూడా కనపడలేదు.

మూడో రూపంలో జిల్లా అధికారి ఒకాయన వచ్చారు. “ఇలాంటి టీచరు ఊరికొకరుంటే చాలు” అని ఆయన అన్నట్టు రాసింది. ఆయన అలా అన్నది నిజమే. కానీ పొగడ్తను ఇంకొకరి నోట పెట్టడం మన సాహిత్యంలో పాత పద్ధతి. కొండవీటి శ్రీనాథుడి శృంగారనైషధం అవతారికలో మామిడి సింగనామాత్యుడు కవిని పిలిచి, అతని విద్వత్తును మెచ్చుకుని కావ్యం అడుగుతాడు. మెచ్చుకునేది మంత్రి, ఆ పద్యాలు రాసింది కవి. మనుచరిత్రలో రాయలు పెద్దనను మెచ్చుకోవడమూ అంతే. ఆ సభలో కూర్చున్నవాళ్లందరికీ అవతారిక నియమం తెలుసు. ఎవరూ దాన్ని సాక్ష్యంగా తీసుకోరు, కావ్యానికి ద్వారంగా తీసుకుంటారు. శ్రీనాథుడి ఆత్మవిశ్వాసం అంటే నాకెంతో ఇష్టం. కానీ అనుభవ వ్యాసానికి అలాంటి ఒప్పందం లేదు. “అధికారి ఇలా అన్నారు” అని చదివిన పాఠకుడు దాన్ని సాక్ష్యంగానే చూస్తాడు, చూసి రాసినవారి వైపు అనుమానంగా తిరుగుతాడు.

అప్పుడు నేను ఆమెను అడిగింది ఒకటే. “ఆ సున్నాలో ఒక్క పిల్ల గురించి చెప్పమ్మా.”

ఆమె చెప్పడం మొదలుపెట్టాక గొంతే మారిపోయింది. కోసిగి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, తొమ్మిదో తరగతి ఈడుది. పొద్దున్నే కోతకు వెళ్లాలి. బడికి పంపమని తల్లిదండ్రుల్ని అడిగితే వాళ్ల చేతిలో లేదు. అడ్వాన్సు ఇచ్చి తీసుకొచ్చింది మేస్త్రీ. మేస్త్రీ మొదట కుదరదన్నాడు. మూడోసారి వెళ్లినప్పుడు టీచరు వెంట బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ కూడా వెళ్లింది. ఆవిడ చిన్నప్పుడు అదే ఊళ్లో కోతలకు వెళ్లి చదువు పోగొట్టుకున్న మనిషి. మేస్త్రీతో మాట్లాడింది ఆవిడే. ఏం చెప్పిందో టీచరుకు పూర్తిగా వినపడను కూడా లేదు. మర్నాటి నుంచి అమ్మాయి మధ్యాహ్నం బడికి వచ్చేది. మిరప కోసిన చేతులు మండుతుంటే పెన్ను పట్టుకోలేకపోయేది, లెక్క నోటితో చెబితే పక్కపిల్ల రాసిపెట్టేది.

“ఇది రాయలేదేం?” అన్నాను.

“ఇందులో నేను చేసిందేముంది మాస్టారూ?” అంది.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైనది ఆ మాట. తాను కొంతే చేసిన చోటు చెప్పుకోదగింది కాదని ఆమె అనుకుంది. నిజానికి ఆమె పని ఏమిటో తెలిసేది అక్కడే. కుదరదన్నా మూడోసారి వెళ్లింది. వెళ్లేటప్పుడు ఎవరిని వెంట తీసుకెళ్లాలో గ్రహించింది. తరగతి గదిలో నోటిలెక్కకు చోటిచ్చింది. వీటిలో దేన్నీ గొప్పగా చెప్పనక్కర్లేదు, జరిగింది జరిగినట్టు చెబితే చాలు. ఆత్మస్తుతి విశేషణాల్లో ఉంటుందని మనం అనుకుంటాం. విశేషణాలు కొట్టేసినా అది పోదు. అది కారణం చెప్పే తీరులో ఉంటుంది. పదిమంది కలిస్తే, కొంత అదృష్టం కూడా తోడైతే జరిగినదాన్ని ఒక్క కర్తకు ఇచ్చేసిన వాక్యంలో ఉంటుంది.

తర్వాత రెండో పిల్ల సంగతి వచ్చింది. పదో తరగతిలో, సంక్రాంతి సెలవుల తర్వాత, తండ్రి వచ్చి టీసీ తీసుకెళ్లాడు. వేరే ఊళ్లో చేరుస్తామన్నారు. వేసవిలో పెళ్లయిందని తెలిసింది. టీసీ తీసుకున్న పిల్ల రిజిస్టరు లెక్కలో బడి మారినట్టే, మానేసినట్టు కాదు. అందుకే ఫైలులో సున్నా అబద్ధం కాదు. ఆ పిల్ల లేకుండా రాస్తే వ్యాసం మాత్రం అబద్ధమవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. ఆ రాత్రి ఆమె ఇంటికి వెళ్లి వ్యాసమంతా ఆ రెండో పిల్ల గురించే రాసుకొచ్చింది. తన అసమర్థత, తన కన్నీళ్లు, ఈ పురస్కారానికి తాను తగనన్న మాట. చదువుతుంటే మళ్లీ పాఠకుడి చూపంతా ఆమె మీదే ఉంది, పిల్ల మీద లేదు. నిందించుకున్నా, మెచ్చుకున్నా బొమ్మ మధ్యలో తనే నిలబడినట్టు. నిజానికి ఆ పెళ్లి ఆపగల స్థితిలో ఆమె లేదు, ఆమెకు తెలిసేసరికే జరిగిపోయింది. ఆ సంగతి రెండు వాక్యాల్లో, టీసీ ఎలా పనిచేస్తుందో చెబుతూ, ఉన్నంత మేరకే ఉంచాం.

అప్పుడు ఆమె అడిగింది: “మాస్టారూ, మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరి పేరూ మైకులో పిలవలేదు. మా అమ్మ ముందు వరసలో కూర్చుంది. ఆ సంతోషం కూడా రాయకూడదా?”

నేను చాలాసేపు జాషువా గురించి ఆలోచించాను. వినుకొండలో పుట్టి, గుంటూరులో కన్నుమూసిన కవి. పంక్తిలో పక్కన కూర్చోనివ్వని కాలంలో కవిత్వం రాశాడు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. 1964లో క్రీస్తుచరిత్రకు సాహిత్య అకాడెమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. తన జీవితాన్ని ‘నా కథ’గా తానే పద్యాల్లో చెప్పుకున్నాడు. అలాంటి మనిషి తన ప్రతిభను తల ఎత్తి చెప్పుకుంటే దాన్ని స్వోత్కర్ష అనడానికి నాకు నోరు రాదు. తరతరాలుగా కాదన్న లోకానికి అది జవాబు. వినయం గురించి రాసేవాళ్లు, ఆ వినయాన్ని ఎవరిని అడుగుతున్నారో చూసుకోవాలి. ఎప్పుడూ గౌరవం అందుతూ వచ్చినవాడు తగ్గి మాట్లాడటం, ఎన్నడూ అందనివాడు తగ్గి మాట్లాడటం ఒకటి కాదు.

“రాయి తల్లీ, మొదటి పేజీలోనే రాయి” అన్నాను. సంతోషం ఆత్మస్తుతి కాదు. “నాకు సంతోషం వేసింది” అన్నది జరిగిన విషయం. “నేను దానికి అర్హురాలిని” అన్నది తీర్పు, ఆ తీర్పు రాసేవారిది కాదు. పేరు పిలిచినప్పుడు తల్లి వెంటనే లేచి నిలబడిందనీ, పిలిచింది తనను కాదని తెలిసి కూడా కూర్చోలేదనీ ఆమె రాసింది. ఆ వాక్యం ఒక్క అక్షరం మార్చకుండా అచ్చయింది.

చివరికి మిగిలిన పని నేను ముందే ఆలోచించి ఉండవలసింది, కానీ ఆమే గుర్తుచేసింది. కోసిగి అమ్మాయి ఇప్పుడు ఫోనులో చదవగలదు. ఆమె పేదరికం మన వ్యాసానికి బలమిస్తోంది. దానికి ఆమె ఒప్పుకుందా? టీచరు ఫోన్ చేసి, వ్యాసమంతా అమ్మాయికీ తల్లికీ చదివి వినిపించింది. చేతులు మండిన సంగతి ఉండనిమ్మన్నారు. అడ్వాన్సు మొత్తం ఎంతో రాసిన వాక్యం తీసేయమంది తల్లి, మేస్త్రీతో మళ్లీ పని ఉంటుందని. తీసేశాం. టీసీ తీసుకున్న పిల్ల ఇంటివాళ్లు ఫోన్ ఎత్తలేదు. అందుకని ఊరి పేరు, సంవత్సరం, ఆ పిల్లను గుర్తుపట్టే ఆనవాళ్లు అన్నీ పోయాయి. వంటావిడ మాత్రం తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా వేయమని అడిగింది.