తొమ్మిది నెలల షీట్లు, ఒక్క పట్టిక



మీ ఎలక్ట్రికల్ కొట్టు ఎక్సెల్ ఫైలు ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా చూశాను. జమాఖర్చుల్లో నువ్వు చూపే శ్రద్ధ ప్రతి షీటులోనూ కనిపిస్తోంది. కానీ ఒకే పన్ను కాలమ్‌లో నెలకో సూత్రం ఉంది. దానివల్ల ఒక నెల నీ చేతి డబ్బు పోయింది, ఇంకో నెల ప్రభుత్వానికి బాకీ పడ్డావు.

ఏప్రిల్, మే నెలల్లో D కాలమ్‌లో పన్ను కలపని ధర రాశావు. అక్కడ `=D6*18%` సరైనదే. జూన్ నుంచి కౌంటర్‌లో పన్నుతో కలిపిన మొత్తాన్నే బిల్లు చేస్తున్నారు. D లోకి ఆ మొత్తం వచ్చింది గానీ సూత్రం మారలేదు. జూన్ అమ్మకం 3,54,000. అందులో ఇమిడి ఉన్న పన్ను 18/118 వంతు, అంటే 54,000. షీటు చూపింది 63,720. నువ్వు ఆ అంకెనే ఆడిటర్ గారికిచ్చావు. ఎక్కువైన 9,720 కొన్నవాళ్ళు ఇచ్చింది కాదు, నీ లాభంలోంచి పోయింది. జూలైలో ఎవరో గమనించి 20వ వరస నుంచి `=D20*18/118` పెట్టారు, పై వరసలు అలాగే వదిలేశారు. ఆగస్టు షీటుకి జూన్ షీటును కాపీ చేయడంతో పాత తప్పు మళ్ళీ వచ్చింది.

అక్టోబరుది వేరే తప్పు. అడుగున కూడిక `=SUM(E6:E41)`, బిల్లులేమో 47వ వరస దాకా ఉన్నాయి. ఆఖరి ఆరు బిల్లులు 29,500, వాటి పన్ను 4,500 లెక్కలోకి రాలేదు. దానిమీద ఏడాదికి 18 శాతం వడ్డీ, అంటే రోజుకి రెండు రూపాయల పైచిలుకు. ఆలస్యం చేయకు.

ఇలాంటివి నువ్వే పట్టుకునే దారి చెబుతాను. File, Options, Formulas లోకి వెళ్ళి R1C1 reference style టిక్ చెయ్యి. తర్వాత Ctrl కీతో పాటు ` కీ నొక్కు. సూత్రాలన్నీ బయటికి కనిపిస్తాయి. సరైన కాలమ్‌లో ప్రతి వరసా అక్షరం తేడా లేకుండా ఏప్రిల్, మేలలో `=RC[-1]*18%` అనే, జూన్ నుంచి `=RC[-1]*18/118` అనే ఉండాలి. వేరేగా ఉన్న వరస వెంటనే కంటపడుతుంది. నవంబరులో ఒకచోట సూత్రానికి బదులు చేత్తో కొట్టిన అంకె నాకలాగే దొరికింది. బిల్లు దిద్దినా ఆ పన్ను కదలదు.

ఇక శుభ్రం చేసే పని. ముందు ఇప్పుడున్న ఫైలును ముట్టుకోకుండా ఒక నకలు దాచుతాను. రిటర్ను వేసేసిన నెలల షీట్లలో ఒక్క అంకె కూడా మార్చను. ఏ అంకె చూసి రిటర్ను వేశామో రేపు ఎవరైనా అడిగితే చూపించాలి కదా. తొమ్మిది నెలల బిల్లులనూ తేదీతో సహా ఒకే పట్టికలోకి తెస్తాను. నెలనెలా షీటు కాపీ చేయడమే ఈ తప్పులకి మూలం, అందుకే ఇక నెలకో షీటు వద్దు. Ctrl+T తో చేసిన పట్టికలో కొత్త వరస చేరితే సూత్రం దానంతటదే దిగుతుంది. పన్ను సూత్రం ఇది:

```
=ROUND([@Amount]*[@Rate]/(1+[@Rate]),2)
```

ఏప్రిల్, మే ధరలకి పన్ను కలిపి Amount లో పెడతాను, అప్పుడు ఈ ఒక్క సూత్రమే అన్నిటికీ సరిపోతుంది. రేటును ఒక మూల గడిలో ఒక్కసారి రాసి అన్నిచోట్లా వాడుకుందామని నీకనిపించవచ్చు. వద్దమ్మా. 2025 సెప్టెంబరు 22న రేట్లు మారాయి. తీగలు, స్విచ్చులు 18లోనే ఉన్నా, సోలార్ వాటర్ హీటర్లు 12 నుంచి 5కి దిగాయి. ఆ ఒక్క గడి మారిస్తే అంతకు ముందు అమ్మిన హీటర్ల పన్ను కూడా మారిపోతుంది. అందుకే రేటు ప్రతి బిల్లు పక్కనే ఉండాలి. నెలవారీ మొత్తాలు తేదీని బట్టి SUMIFS తో వస్తాయి.

చివరికి ప్రతి నెలకీ పాత పన్ను, కొత్త పన్ను, తేడా, దానికి కారణం ఒక కాగితం మీద రాసిస్తాను. కారణం దొరకని తేడా ఒక్క రూపాయి ఉన్నా పని అయినట్టు కాదు. వేసిన 3B రిటర్నును తిరగరాయడం కుదరదు, దిద్దుబాటు తర్వాతి రిటర్నులోనే చేయాలి. ఈ ఆర్థిక సంవత్సరానికి 2026 నవంబరు 30 దాకా అవకాశం ఉంది. కానీ జూన్‌లో ఎక్కువ కట్టాం కదా అని అక్టోబరు బాకీని దాంట్లో నువ్వే సర్దేయకు. ఆ కాగితం ఆడిటర్ గారి ముందు పెట్టు, ఆయన చెప్పినట్టు చేద్దాం.

జూలై, అక్టోబరు బిల్లు పుస్తకాలు మీ కుర్రాడితో పంపించు. నేను పట్టిక ఇచ్చేదాకా జనవరి బిల్లుల కోసం పాత షీటును మాత్రం కాపీ చేయకు, తెల్లకాగితం మీద తేదీ, మొత్తం, రేటు రాసి ఉంచు చాలు.